తల్లిదండ్రుల సమావేశంలో ప్రసంగం: పిల్లల పళ్లెంలో పూటకు ఎంత, వారానికి ఎంత?

బడివంటశాల

వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. బడి క్యాంటీన్ నడిపేది నేనే కాబట్టి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక్కో బిడ్డకు పూటకు ఎంత వడ్డిస్తున్నాం, వారం మొత్తంలో ఎంత అందుతోంది అన్నది చెప్పాలి. గోడ మీద పెట్టిన పట్టిక చూసి "80 గ్రాముల బియ్యం ఏ మూలకు సరిపోతుంది?" అని ఇప్పటికే కొందరు కోపంగా అడిగారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, బిడ్డ ఆకలి గురించి కదా. రాసుకున్న ప్రసంగం కింద పెడుతున్నాను. ఎక్కడ అర్థం కావడం లేదో, ఎక్కడ అనుమానం వస్తోందో చెప్పండి.

"అందరికీ నమస్కారం. మీ పిల్లలకు మేము పెట్టేది రోజులో ఒక్క పూట. రోజంతా కావలసిన ఆహారంలో దాదాపు మూడో వంతు ఈ పూటలో అందాలన్న లెక్కతో వండుతున్నాం. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 80 గ్రాముల బియ్యం, తొక్కలు, కాడలు తీసేసిన కూరగాయలు 80 గ్రాములు, నూనె 8 గ్రాములు. మూడు రోజులు 25 గ్రాముల చొప్పున పప్పు, మిగతా రెండు రోజులు ఒక్కో గుడ్డు. గుడ్డు తినని పిల్లలకు ఆ రెండు రోజులూ పప్పే. వారంలో రెండుసార్లు 100 గ్రాముల పండు, మూడుసార్లు 100 గ్రాముల పెరుగు. అంటే వారానికి ఒక్కో బిడ్డకు 400 గ్రాముల బియ్యం, 400 గ్రాముల కూరగాయలు, 200 గ్రాముల పండ్లు, 300 గ్రాముల పెరుగు, 75 గ్రాముల పప్పు, రెండు గుడ్లు. పదేళ్లు దాటిన వారికి బియ్యం 110, పప్పు 35, కూరగాయలు 100 గ్రాములు."

ఇక్కడే ఆగిపోయాను. ఇవన్నీ వండక ముందు బరువులు. వండాక బరువులు చెప్పాలా, రెండూ చెప్పాలా?

లెక్కలమాస్టారు

వండాక బరువులే చెప్పండి. ఏదైనా ఉడికితే మూడింతలవుతుంది. 80 గ్రాముల బియ్యం 240 గ్రాముల అన్నం, 25 గ్రాముల పప్పు 75 గ్రాములు, 80 గ్రాముల కూరగాయలు 240 గ్రాములు. పెద్ద అంకెలు వింటే తల్లిదండ్రులు కుదుటపడతారు. ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం.

తూకంరాయి

మాస్టారు గారూ, బియ్యం వరకు మీ మాట దాదాపు సరే. రకాన్ని బట్టి, పోసే నీళ్లను బట్టి రెండున్నర నుంచి మూడింతలు అవుతుంది. కూరగాయల సంగతి పూర్తిగా వేరు. బియ్యం నీళ్లు పీల్చుకుంటుంది, కూరగాయలు నీళ్లు వదులుతాయి. వేయిస్తే 80 గ్రాములు 65కో 70కో దిగుతాయి. ఆకుకూర అయితే బుట్టెడు వేస్తే గిన్నె అడుగున మిగులుతుంది. అలాంటిది 240 గ్రాముల కూర అని సభలో చెప్పి, పళ్లెంలో ఒక చిన్న గరిటె వడ్డిస్తే ఎవరు నమ్ముతారు?

పప్పు మరింత చిక్కు. పప్పు బరువు ఎంత నీళ్లు కలిపితే అంత. అదే 25 గ్రాముల పప్పును 100 గ్రాములుగానూ వడ్డించవచ్చు, 200 గ్రాములుగానూ వడ్డించవచ్చు. బిడ్డకు అందే మాంసకృత్తులు మాత్రం రెండు సందర్భాల్లోనూ సుమారు ఆరు గ్రాములే. కాబట్టి పప్పుకు వండిన బరువు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు, పాత్రలో ఎంత పప్పు పోశారో, దాన్ని ఎంతమందికి పంచారో చెప్పాలి. అన్నానికి మాత్రం రెండు బరువులూ చెప్పండి.

నేను చాలా ఏళ్లు పెద్ద వంటశాలల్లో సరుకు, వడ్డన లెక్కలు చూశాను. గొడవలన్నీ పచ్చి బరువుకు, వండిన బరువుకు మధ్యే పుట్టేవి.

రెండుజడలఅమ్మ

మా పాపకు ఏడేళ్లు. డబ్బాలో ఎంత అన్నం పెట్టాలో ఎప్పుడూ తెలియదు. ఈ లెక్క ప్రకారం 80 గ్రాములు పెడితే చాలా? సగం వెనక్కి తెస్తుంది, నాకేమో బెంగ.

బడివంటశాల

అమ్మా, నేను చెప్పింది ఇంటి డబ్బా గురించి కాదు, బడిలో వడ్డించే పూట గురించి. పైగా 80 గ్రాములన్నది బియ్యం. ఆ లెక్కనే చూసినా అన్నం 220 గ్రాముల దాకా వస్తుంది. మీరు 80 గ్రాముల అన్నం మాత్రమే పెడితే పాప ఆకలితో ఉంటుంది. మీ ప్రశ్న నాకు చాలా పనికొచ్చింది. సమావేశంలో కూడా ఇలాగే అనుకునేవాళ్లు ఉంటారు. "బియ్యం", "అన్నం" అన్న మాటలను విడివిడిగా, నొక్కి చెప్పాలి.

తూకంరాయి

రెండుజడలఅమ్మ గారూ, రోజూ సగం తిరిగొస్తోందంటే ముందు ఏది తిరిగొస్తోందో చూడండి. అన్నమా, కూరా? కూర మాత్రమే మిగిలితే అది పరిమాణం సమస్య కాదు. అంతా సమంగా మిగిలితే మాత్రం డబ్బా కొంచెం తగ్గించి, మధ్యలో తినడానికి పండు పెట్టి చూడవచ్చు. బరువు, ఎత్తు వయసుకు తగ్గట్టు పెరుగుతున్నాయా అన్నది వైద్యుల దగ్గర చూపించుకుంటే మీ బెంగ తీరుతుంది.

పాతబెంచీ

నేను తల్లిదండ్రుల వైపు నుంచి మాట్లాడతాను. గ్రాములు చెబితే ఎవరికీ నమ్మకం కుదరదు. మా అబ్బాయి ఒక బుధవారం ఇంటికొచ్చి "ఒక్క గరిటె అన్నమే వేశారు" అన్నాడు. పట్టికలో రెండు గరిటెలని ఉంది. అడిగితే "సరిపడా వండాం" అన్నారు. సరిపడా వండితే రెండో గరిటె ఏమైంది? మీ ప్రసంగంలో దీనికి జవాబు లేదు. మిగతా అంకెలన్నీ ఎంత అందంగా ఉన్నా నా ప్రశ్న అక్కడే ఉంటుంది.

బడివంటశాల

మీ బడి ఏదో నాకు తెలియదు కానీ, సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే మా దగ్గరా వచ్చింది. చివరి వరుసల్లో కూర్చున్న పిల్లలకు అన్నం తక్కువ పడుతోందని. వండినది తక్కువేమో అని సరుకు చూశాను. ఆ రోజు చిన్న తరగతుల పిల్లలు 180 మంది. 80 గ్రాముల చొప్పున 14 కిలోల 400 గ్రాముల బియ్యం పోశాం. తూకం సరిగానే ఉంది. మా బియ్యం వండితే 2.75 రెట్లు అవుతుందని ముందే తూచి చూసుకున్నాను. అంటే 39 కిలోల 600 గ్రాముల అన్నం. మా గరిటెకు అంచుకు సమంగా తీస్తే 110 గ్రాములు పడుతుంది. లెక్క ప్రకారం 360 గరిటెలు, 180 మందికి రెండేసి. అయినా చివర్లో చాలలేదు.

తూకంరాయి

మీరు చెప్పిన అంకెల్లోనే జవాబు ఉంది. వడ్డించేవాళ్లు గరిటెను అంచుకు సమంగా తీస్తున్నారా, కుప్పగా తీస్తున్నారా? కుప్పగా తీస్తే అదే గరిటెకు 125 గ్రాములు పడుతుంది. 39,600ను 125తో భాగించండి. 316 గరిటెలు. కావలసినవి 360. అంటే 44 గరిటెలు తక్కువ, 44 మంది పిల్లలకు ఒక్క గరిటెతోనే సరి. ఒక్కో గరిటెకు 15 గ్రాములు ఎక్కువ పడటం పెట్టేవాళ్ల కంటికి కనిపించదు, పిల్లల మీద ప్రేమతోనే అలా పెడతారు. ఆ ప్రేమ ఖరీదు చివరి వరుస చెల్లిస్తుంది.

పట్టుకోవడం తేలికే. వడ్డన మొదట్లో పది గరిటెలు ఒక గిన్నెలో తీసి తూచండి, పదితో భాగించండి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి అదే చేయండి. సాధారణంగా మొదట్లో బరువు ఎక్కువ ఉంటుంది. పాత్ర అడుగు కనిపించేసరికి చేయి భయపడి తగ్గిస్తుంది.

ఇంకొక మాట. 360కి 360 వండటం కూడా సరికాదు. అడుగంటినది, పాత్రకు, గరిటెకు అంటుకుపోయినది ఎప్పుడూ కొంత ఉంటుంది. వందకు మూడు పాళ్లు అదనంగా వేసుకోండి. మీ 14.4 కిలోల మీద అది అర కిలో కూడా కాదు.

బడివంటశాల

తూచి చూశాను. మొదటి పది గరిటెల సగటు 124 గ్రాములు, చివరి పదికి 97. మీరు చెప్పిన తీరే. ఈ కథ మొత్తాన్ని ప్రసంగంలో పెడతాను. పాతబెంచీ గారు అడిగిన ప్రశ్నే రేపు సభలోనూ వస్తుంది. రాకముందే చెప్పేస్తే మేలు.

పాతబెంచీ

ఇది నమ్మదగిన జవాబు. మా బడిలోనూ పది గరిటెలు తూచమని అడుగుతాను. అయితే పప్పు సంగతి ఏమిటి? పప్పు నీళ్లలా ఉందని పిల్లలు రోజూ చెబుతారు. పప్పు దొంగిలించారన్న అనుమానం వస్తే ఎలా తేల్చుకోవాలి?

తూకంరాయి

దొంగతనం అనేముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది, పాత్రలో పోసిన పప్పు. 180 మందికి 25 గ్రాముల చొప్పున నాలుగున్నర కిలోలు. ఉదయం తూచేటప్పుడు తల్లిదండ్రులు ఇద్దరు నిలబడి చూస్తే ఆ అనుమానం అక్కడితో తీరుతుంది. రెండోది, కలపడం. పప్పు బరువుగా ఉండి అడుగుకు దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. కలపకుండా పైనుంచి తీస్తే ముందు వచ్చిన పిల్లలకు తేట, చివరి వారికి ముద్ద. అన్నం విషయంలో చివరి వరుస నష్టపోతే, పప్పు విషయంలో మొదటి వరుస నష్టపోతుంది. వడ్డించే ప్రతిసారీ గరిటెను అడుగు దాకా దించి కలపాలి. మీ అబ్బాయి ముందు వరుసలో కూర్చున్న రోజు, వెనక కూర్చున్న రోజు పప్పు ఎలా ఉందో అడగండి. తేడా ఉంటే కారణం కలపకపోవడమే.

నీలితామర

నాది కొంచెం వేరే విషయం. మా బాబుకు తొమ్మిదేళ్లు, టైప్ 1 మధుమేహం. అన్నం బరువును బట్టి ఇన్సులిన్ లెక్క వేసుకుంటాం. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములని మాకు నేర్పించారు. రెండు గరిటెలు 220 గ్రాములైతే దాదాపు 62 గ్రాములు. కానీ ఒక రోజు గరిటె 124, ఇంకో రోజు 97 పడితే మా లెక్క అంతా తప్పుతుంది. రెండు గరిటెలకు 54 గ్రాముల అన్నం తేడా, అంటే పిండిపదార్థంలో 15 గ్రాములు. మాకు అది చాలా పెద్ద తేడా. దయచేసి సభలో ఒక్క మాట చెప్పండి, అవసరమున్న పిల్లలకు పళ్లెం తూచి ఇస్తామని.

బడివంటశాల

మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. గరిటె తేడా అంటే ఆకలి తేడా అని మాత్రమే ఇన్నాళ్లూ ఆలోచించాను. వడ్డన బల్ల పక్కన చిన్న తూకం పెట్టడం కష్టం కాదు. వైద్యుల చీటీ ఉన్న పిల్లల పళ్లేలు తూచి, బరువు చీటీ మీద రాసి ఇస్తాం. ఇది ప్రసంగంలో తప్పకుండా చెబుతాను.

లెక్కలమాస్టారు

కూరగాయల విషయంలో తూకంరాయి గారి మాట ఒప్పుకుంటున్నాను. ఇంట్లో క్యాబేజీ తూచి చూశాను, తగ్గింది. కానీ ఇప్పుడు నా అనుమానం వేరు. రోజుకు 80 గ్రాములే కూరగాయలైతే చాలా తక్కువ కదా? పిల్లలకు రోజుకు 350 గ్రాములు కావాలని చదివాను.

తూకంరాయి

మీరు చదివినది సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 350 గ్రాములు, పదేళ్లు దాటితే 400 గ్రాములు అని ఉంది. అయితే అది కూరగాయలు, పండ్లు రెండూ కలిపి, రోజు మొత్తానికి. బడివంటశాల గారి వారపు లెక్కలో 400 గ్రాముల కూరగాయలు, 200 గ్రాముల పండ్లు. మొత్తం 600ను ఐదు రోజులకు పంచితే రోజుకు 120. అది 350లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే. ఒక్క రోజు పళ్లెం చూస్తే తక్కువనిపిస్తుంది, వారం చూస్తే లెక్క కుదురుతుంది. వారానికి చెప్పడం అందుకే మంచిది.

పెద్ద పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త. వారికి కూరగాయలు 500, పండ్లు అదే 200 అయితే రోజుకు 140. 400లో మూడో వంతు 133. సరిపోతుంది కానీ మిగులు పెద్దగా లేదు. పండు పెట్టే రోజు ఒక్కటి తప్పినా దిగువకు జారుతుంది.

ఇదంతా వడ్డించిన లెక్క. తిన్నది ఎంత?

బడివంటశాల

నెల నుంచి పళ్లేల్లో మిగిలినవాటిని అన్నం, పప్పు, కూర అని మూడు బకెట్లలో విడిగా వేయించి తూస్తున్నాం. కూర బకెట్ దగ్గరే నా మనసు చివుక్కుమంటుంది. మొన్న వండిన కూర ఒక్కొక్కరికి 75 గ్రాములు వడ్డించాం. 180 మంది దగ్గర నాలుగున్నర కిలోలు తిరిగొచ్చింది. సగటున 25 గ్రాములు, అంటే మూడో వంతు పారేస్తున్నారు. అందుకే వడ్డన 50 గ్రాములకు తగ్గిద్దామా అని ఆలోచిస్తున్నాను. అది కూడా సభలో చెప్పాలనుకున్నాను.

తూకంరాయి

ఆగండి, సగటును నమ్మి వడ్డన తగ్గించకండి. అదే నాలుగున్నర కిలోలు ఇంకోలా కూడా రావచ్చు. 60 మంది పిల్లలు కూర అసలు ముట్టుకోకుండా మొత్తం 75 గ్రాములూ వదిలేసి, మిగతా 120 మంది పూర్తిగా తిని ఉండవచ్చు. అప్పుడు మీరు 50కి తగ్గిస్తే, శుభ్రంగా తినే 120 మంది పళ్లెంలోంచి 25 గ్రాములు తీసేసినట్టు. తినని 60 మంది 50 గ్రాములూ వదిలేస్తారు. ఒక తరగతిని ఎంచుకుని, మూడు నాలుగు రోజులు పళ్లేలు చూసి లెక్కపెట్టండి. కూర పూర్తిగా మిగిలిన పళ్లేలు ఎన్ని, సగం మిగిలినవి ఎన్ని. తూకం అక్కర్లేదు, కంటితో చూస్తే చాలు.

రెండుజడలఅమ్మ

మా పాప ఆ అరవై మందిలో ఒకటి అని ఇక్కడి నుంచే చెప్పగలను. ఒక మాట అడగనా? కూర తినని పిల్ల పేరు, తరగతి సభలో చదవరు కదా? అలా చేస్తే నేను రాను.

బడివంటశాల

చదవను అమ్మా. తరగతి పేరు కూడా చెప్పను. ఒక పిల్లకు తినాలనిపించని కూర వల్ల ఆ తల్లి తల దించుకోవలసిన పని లేదు. బకెట్ లెక్క మా వంట గురించి చెబుతుంది, ఏ కూర పిల్లలకు నచ్చడం లేదో.

పాతబెంచీ

రెండో వడ్డన గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వాడికి పదకొండేళ్లు, ఆటలు ఆడతాడు. అడిగితే ఇంకో గరిటె వేయాలి. వయసు చూసి గ్రాములు కట్టేస్తే ఎలా?

లెక్కలమాస్టారు

అందరికీ ఒకే కొలత ఉండటమే న్యాయం. అడిగినవాళ్లకు వేస్తూ పోతే సిగ్గుపడి అడగని పిల్లలు నష్టపోతారు.

తూకంరాయి

ఇద్దరి మాటలోనూ బలం ఉంది. నేను పని చేసిన ఒక చోట, అందరికీ మొదటి వడ్డన పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టేవాళ్లం. అదనంగా వండిన ఆ వందకు మూడు పాళ్లలోంచే ఇచ్చేవాళ్లం. 180 మందికి అది సుమారు పది గరిటెలే. పదకొండో బిడ్డ చేయి చాస్తే ఏం చేయాలో మాకూ తేలలేదు. అదనం ఆరు పాళ్లకు పెంచితే కొన్ని రోజులు పారేయవలసి వచ్చింది.

నీలితామర

పప్పో పెరుగో రెండోసారి ఇచ్చి, అన్నం మాత్రం ఒక్కసారే ఇస్తే?

పాతబెంచీ

ఆకలిగా ఉన్న పిల్లాడికి కావలసింది అన్నమేనండి. పెరుగుతో వాడు ఆగడు.

బడివంటశాల

రెండో వడ్డన మీద సభలో తల్లిదండ్రులనే అడుగుతాను, నేను తేల్చను. మిగతాది ఇలా తిరగరాశాను. బల్ల మీద ఒక పళ్లెం, మా గరిటె, చిన్న తూకం పెట్టి మాట్లాడతాను.

"పట్టికలో ఉన్న 80 గ్రాములు బియ్యం బరువు. అన్నమయ్యాక అది 220 గ్రాములు, మా గరిటెతో అంచుకు సమంగా రెండు. ఇదిగో, మీ ముందే తూస్తున్నాను. కొన్ని రోజులు చివరి వరుస పిల్లలకు ఒక్క గరిటెతోనే సరిపెట్టవలసి వచ్చింది. కారణం వండినది తక్కువ కావడం కాదు, ముందు వరుసల్లో గరిటె 124 గ్రాములు పడటం. ఇప్పుడు రోజుకు మూడుసార్లు పది గరిటెలు తూస్తున్నాం, ఆ అంకెలు వంటశాల తలుపు మీద రాసి పెడతాం. కూరగాయలు ఉడికితే తగ్గుతాయి కాబట్టి పళ్లెంలో చిన్నగా కనిపిస్తాయి. పప్పు ఎంత పలుచగా ఉన్నా బిడ్డకు 25 గ్రాముల పప్పు అందాలి. ఉదయం తూచేటప్పుడు మీలో ఎవరైనా వచ్చి చూడవచ్చు. వారంలో బిడ్డ రెండు రోజులు బడికి రాకపోతే ఆ వారం అందేది ఐదు రోజుల లెక్కలో మూడు రోజులదే. గుడ్డు రోజు తప్పిందా, పండు రోజు తప్పిందా అన్నది ఇంట్లో చూసుకోండి. వైద్యుల సలహా మీద అన్నం కొలిచి తినవలసిన పిల్లలుంటే సభ అయ్యాక నాతో విడిగా మాట్లాడండి, పళ్లెం తూచి ఇస్తాం."

తూకంరాయి

బాగుంది. ఒక్క సవరణ. కొత్త బియ్యం బస్తా విప్పిన ప్రతిసారీ 2.75 మళ్లీ తూచి చూసుకోండి. పాత బియ్యం ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, కొత్తది తక్కువ. కిలో బియ్యం వండి ఎంతైందో చూస్తే చాలు.

బడివంటశాల

సోమవారమే కొత్త బస్తా విప్పాలి. కిలో వండి తూచి, తేడా ఉంటే సభకు ముందే తలుపు మీద అంకె మారుస్తాను.